పగటి ఫోటోనా, రాత్రి ఫోటోనా: ఒక పెళ్లి మేకప్ డైరీ

సోమవారం

పెళ్లికూతురి తరఫువాళ్లు తేల్చేశారు. రెండో ఫోటోలోని మేకప్పే కావాలట. వాళ్ల అమ్మగారు ఫోన్ చేసి, "మొదటి ఫోటోలో పిల్ల ముఖం పాలిపోయినట్టు ఉందమ్మా. రెండోదాంట్లో చూడు, చర్మం ఎంత నున్నగా ఉందో! ఒక చాయ తెల్లగా కూడా వచ్చింది. మా వాళ్లందరిదీ అదే మాట" అన్నారు. నేను సరేననలేదు. ఇంకో ట్రయల్ చేశాక చెబుతానని, దానికి డబ్బు తీసుకోనని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. నచ్చిన ఫోటో ఎదురుగా ఉంటే మళ్లీ ట్రయల్ దేనికని ఆవిడ సందేహం.

నా సందేహం వేరు. ఆ రెండు ఫోటోలు ఒక వెలుతురులో తీసినవి కావు. మొదటి లుక్ మధ్యాహ్నం వాళ్ల ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన తీశాం. రెండో లుక్ వేసేసరికి చీకటి పడింది. హాల్లో దీపాల కింద వాళ్ల చెల్లెలు తన ఫోనులో తీసింది. అంటే ఇంటిల్లిపాదీ ఎంచుకున్నది మేకప్‌నా, దీపాన్నా అన్నది ఇంకా తేలలేదు.

పని వివరం రాసిపెట్టుకుంటాను. మాఘమాసంలో పెళ్లి, గుంటూరులో ఒక కల్యాణ మండపం, ముహూర్తం రాత్రి తొమ్మిది దాటాక. ఫోటోగ్రాఫర్ సాయంత్రం నాలుగున్నర నుంచి మండపం ఆవరణలో కొన్ని ఫోటోలు తీస్తానన్నాడు. ఆ తర్వాత గౌరీపూజ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ లోపలే. ఎండలో మొదలైన మేకప్ మధ్యరాత్రి దాకా దీపాల కింద నిలవాలి. నడుమ మార్చడానికి సమయం ఉండదు, చీర మార్చుకునే పది నిమిషాలు తప్ప.

అమ్మాయిది చామనచాయ, లోపల పసుపు ఛాయ ఎక్కువ. మొదటి లుక్‌లో చర్మానికి సరిగ్గా కలిసే ఫౌండేషన్, మెరుపు లేని ముగింపు, కళ్లకు గోధుమరంగు ఐషాడో, పెదవులకు ఇటుకరంగు. రెండో లుక్‌లో ఫౌండేషన్ అర షేడు లేత. చెంపలమీద, ముక్కుమీద, నుదుటిమీద హైలైటర్, కనురెప్పలమీద బంగారు మెరుపు, పెదవులకు మెరూన్. లేత షేడు నా ఇష్టం కాదు, మేనత్తగారి కోరిక.

సోమవారం రాత్రి, ఫోటోల ముందు కూర్చుని

ఏ ఫోటో ఏ వెలుతురులో తీశారో కంటిపాపలు చెప్పేస్తాయి. ముఖాన్ని పెద్దది చేసి చూస్తే మొదటి ఫోటోలో నల్లగుడ్డుమీద ఒకే ఒక తెల్లటి దీర్ఘచతురస్రం ఉంది. అది కిటికీ. రెండోదాంట్లో పైరెప్ప అంచున మూడు చిన్న చుక్కలున్నాయి. అవి పైకప్పులో బిగించిన ఎల్‌ఈడీలు. వెలుతురు పెద్ద కిటికీలోంచి పక్కగా వస్తే ముఖంమీది ప్రతి మిట్టా పల్లం కనబడతాయి. నడినెత్తినుంచి చిన్న దీపాలు పడితే నుదురు, ముక్కు వెలుగుతాయి, కళ్లకింద నీడ పడుతుంది.

తర్వాత గ్యాలరీలో ఫోటో వివరాలు తెరిచాను. పగటి ఫోటో ISO 64, రాత్రి ఫోటో ISO 1250. వెలుతురు చాలనప్పుడు ఫోను ఆ సంఖ్య పెంచుకుంటుంది. దాంతో ఫోటోలో ఇసుక చల్లినట్టు గరుకుతనం వస్తుంది. ఆ గరుకును ఫోనే తుడిచేస్తుంది. తుడిచేటప్పుడు దేన్ని ఉంచాలో దేన్ని తీసేయాలో దానికి తెలియదు కనుక, చర్మంమీది సన్నని రంధ్రాలు, వెంట్రుకలు, పౌడరు పేరుకున్న గీతలు కూడా కొట్టుకుపోతాయి. అమ్మగారు మెచ్చుకున్న నునుపులో సగం ఇదే. గుర్తుపట్టడం తేలిక. అదే ఫోటోలో కనుబొమలు చూశాను. విడివిడిగా ఉండాల్సిన వెంట్రుకలు కుంచెతో గీసినట్టు ఒకే ముద్దగా ఉన్నాయి. కనుబొమలు కరిగిన చోట చర్మాన్ని నమ్మకూడదు.

తెల్లదనం సంగతి కూడా అంతే. హాల్లో వెనక గోడ చీకటిగా ఉంది. ఫోను ముఖాన్ని గుర్తుపట్టి, అది కనబడేలా వెలుగు పెంచింది. అర షేడు లేత ఫౌండేషన్ ఇచ్చిన తెలుపు కొంత, ఫోను ఇచ్చిన తెలుపు మిగతాది. ఏది ఎంతో ఆ ఒక్క ఫోటోనుంచి చెప్పలేం.

ఇక మొదటి ఫోటోలో "పాలిపోయిన" ముఖం. ఎడమ దవడ కింద నిజంగానే ఆకుపచ్చ జీర ఉంది. అలాంటి ఫౌండేషన్ నా పెట్టెలో లేదు. ఆ ముందుగది గోడలు లేత ఆకుపచ్చ. అమ్మాయి కిటికీకి కుడిచెంప, గోడకు ఎడమచెంప పెట్టి కూర్చుంది. ఎండ గోడమీద పడి, ఆ రంగు వెంటేసుకుని చెంపమీదికి వచ్చినట్టుంది.

బుధవారం మధ్యాహ్నం

ముందు గోడ సంగతి తేల్చాను. మేకప్ లేకుండానే అమ్మాయిని అదే కుర్చీలో, అదే చోట కూర్చోబెట్టి ఒక ఫోటో తీశాను. ఆకుపచ్చ జీర ఉంది. ఉతికిన తెల్లటి పంచె తెప్పించి గోడకు అడ్డంగా, చెంపకు రెండడుగుల దూరంలో పట్టించి మళ్లీ తీశాను. జీర పోయింది. వాళ్ల అమ్మగారు రెండూ చూసి, "అయితే మొన్న తప్పు గోడదా!" అన్నారు. అప్పటినుంచి ఆవిడకు ఈ పనిమీద ఆసక్తి పెరిగింది. పంచె పట్టుకునే పని కూడా తనే తీసుకున్నారు.

అసలు పని సగం ముఖం ట్రయల్. ముఖానికి నడిమధ్యన గీత ఉన్నట్టు ఊహించుకుని, కుడివైపు మొదటి లుక్, ఎడమవైపు రెండో లుక్ వేశాను. రెండు లుక్‌లను వేర్వేరుగా వేసి, పగలూ రాత్రీ కలిపి నాలుగు ఫోటోలు తీయడం కూడా పద్ధతే. కానీ ఒకటి తుడిచి ఇంకొకటి వేసేసరికి సూర్యుడు జరుగుతాడు, రుద్దిన చర్మం ఎర్రబడుతుంది, అమ్మాయి అలసిపోతుంది. సగం ముఖంలో ఆ తకరారు లేదు. ఒక్క ఫోటోలో రెండూ ఒకే వెలుతురుకు దొరికిపోతాయి.

దీనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అమ్మాయి కిటికీకి ఎదురుగా కూర్చోవాలి, పక్కకు కాదు. పక్కకు కూర్చుంటే వెలుతురు తగిలిన సగమే గెలుస్తుంది. నేరుగా ఎండ పడకూడదు, ఆకాశపు వెలుతురే పడాలి. ఫోనులో వెనక కెమెరా, 2x జూమ్, మనిషికి అయిదడుగుల దూరం. దగ్గరనుంచి మామూలు సెల్ఫీలా తీస్తే ముక్కు పెరిగి చెవులు వెనక్కి పోతాయి, బుగ్గమీది రంగు ఎక్కడిదాకా ఉందో తెలియదు. బ్యూటీ మోడ్ ఆపేయాలి. కొన్ని ఫోన్లలో అది ఆపినా కొంత పనిచేస్తూనే ఉంటుంది, అలాంటి ఫోను ఈ పనికి పనికిరాదు. ప్రో మోడ్‌లో WB, అంటే వెలుతురు రంగుకు ఫోను సర్దుకునే మీట, పగటివెలుగుకు సరిపడే 5500K దగ్గర నిలిపాను. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫోటోకు ఫోను ఒక్కో రంగు నిర్ణయించుకుంటుంది. మొదటి ఫోటోలో గడ్డం కింద ఒక తెల్ల కాగితం పెట్టించాను. తర్వాత ఏ ఫోటో పసుపెక్కిందో నీలమెక్కిందో ఆ కాగితాన్ని చూసి చెప్పవచ్చు.

వేసిన వెంటనే తీసిన ఫోటోను లెక్కలోకి తీసుకోలేదు. ఫౌండేషన్‌లోని తేలిక ద్రవాలు ఆవిరై, చర్మంమీది నూనె కలిసేసరికి రంగు కాస్త ముదురుతుంది. అరగంట ఆగి తీశాను.

ఆ ఫోటోలో రెండో లుక్ ఓడిపోయింది. దవడ అంచున ముఖం ఎక్కడ ఆగిందో మెడ ఎక్కడ మొదలైందో గీత కనబడుతోంది. పెదవుల మూలల్లో, ముక్కు పక్కన బూడిదరంగు తేలింది. చామనచాయమీద అవసరానికి మించి లేత ఫౌండేషన్ వేస్తే అందులోని తెల్ల రంగు చర్మంలో కలవక పైనే నిలబడి, బూడిద పూసినట్టు కనబడుతుంది. రాత్రి దీపాల పసుపు దాన్ని దాచింది. పగటివెలుగు దాచదు.

నాకు అంతకంటే పెద్ద ఆధారం చేయి. అమ్మాయిని చేయి ఎత్తి చెంప పక్కన పెట్టమన్నాను. కుడిచెంప, చేయి ఒకే మనిషివి. ఎడమచెంప వేరే మనిషిది. జీలకర్ర బెల్లం వేళ పెళ్లికూతురి చేయి వరుడి తలమీద ఉంటుంది. అంటే ఆల్బమ్‌లో ముఖ్యమైన ఫోటోలో ముఖం, ముంజేయి పక్కపక్కనే ఉంటాయి. ముఖానికి పట్టిన తెలుపు చేతికి పట్టదు. చేతులకు కూడా ఫౌండేషన్ రాసేవాళ్లున్నారు. అది పట్టుచీర అంచుకు, వరుడి జుబ్బాకు అంటుతుంది, గోరింటాకు రంగును కప్పేస్తుంది. నేను రాయను.

మేనత్తగారికి ఆ చేయి ఫోటో చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి ఏమీ అనలేదు. లేత షేడు గొడవ అక్కడితో సద్దుమణిగింది.

అయినా పగటి ఫోటోలో గెలిచింది కదా అని మొదటి లుక్‌ను ఖాయం చేయలేదు. పగటివెలుగు తప్పులు పట్టడానికి మంచిది. షేడు కలిసిందా, అంచులు కలిశాయా, పౌడరు గీతల్లో పేరుకుందా అన్నవి దాన్నే అడగాలి. కళ్లు ఎంత పలుకుతున్నాయి, పెదవి ఎంత ఎరుపుగా ఉంది అన్నవి మాత్రం ముహూర్తం వేళ వెలిగే దీపాలనే అడగాలి.

బుధవారం సాయంత్రం, కల్యాణ మండపంలో

అదే సగం ముఖంతో మండపానికి వెళ్లాం. అమ్మాయి ముఖానికి దుపట్టా చుట్టుకుని ఆటోలో కూర్చుంది. మేనేజరు ముందు దీపాలన్నీ వేయడానికి ఒప్పుకోలేదు, కరెంటు ఖర్చంటాడు. వాళ్ల నాన్నగారు మాట్లాడాక వేదికమీదివి మాత్రం వేశాడు. నాకు కావలసినవీ అవే.

వేదికపైన వరుసగా పసుపు దీపాలు. బల్బు డబ్బాలమీద 3000K అని రాసి ఉండే రకం. వేదిక ముందు స్తంభాలకు రంగులు మారే దీపాలు. మండపం మధ్యలో, పెళ్లిపీటలు వేసే చోటే కుర్చీ వేయించాను. రెండడుగులు ముందుకు జరిగినా నీడలు మారిపోతున్నాయి కనుక, చోటు అదే కావడం ముఖ్యం. నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి, తల కొంచెం వంచి ఒకటి తీశాను. పెళ్లికూతురు ఆ రాత్రి ఎక్కువసేపు ఉండేది తల వంచిన భంగిమలోనే.

ఇక్కడ కళ్ల విషయంలో పందెం తిరగబడింది. పైనుంచి పడే దీపానికి కంటిగుంటలో నీడ పడుతుంది. మొదటి లుక్‌లోని మెరుపులేని గోధుమరంగు ఆ నీడలో కలిసిపోయి, కుడికన్ను లోపలికి పోయినట్టుంది, నిద్రలేనట్టుంది. ఎడమవైపు రెప్పమీది బంగారు మెరుపు పైదీపాన్ని పట్టి తిప్పికొడుతోంది. తల వంచినప్పుడు మరీ బాగుంది, రెప్పలు కిందికి దిగగానే అవే వెలుగుతున్నాయి. పగలు ఇదే మెరుపు కాస్త అతిగా అనిపించింది. రాత్రికి సరిపోయింది.

కానీ అదే ఎడమవైపు నుదుటిమీద, ముక్కుమీద పెట్టిన హైలైటర్ చెమట పట్టినట్టు కనబడింది. నడినెత్తి దీపానికి ముందుగా తగిలేవి ఆ రెండే కనుక అక్కడ మెరుపు పెట్టడమంటే మెరుపుమీద మెరుపు. చెంపల ఎముకలమీది హైలైటర్ మాత్రం ఫరవాలేదు. పైగా హోమం ముందు కూర్చున్నాక నిజంగానే చెమట పడుతుంది, అప్పుడు ఏది హైలైటరో ఏది చెమటో చెప్పలేం.

ఆ తర్వాత పెదవులు. ఇక్కడ రెండు లుక్‌లూ దెబ్బతిన్నాయి. మెరూన్ దాదాపు నల్లబడింది. ఇటుకరంగు ఎండిన మట్టిరంగుకు దిగింది. పోల్చుకోవడానికి నుదుట కుంకుమ ఉంది, అది కూడా ఇంట్లో ఉన్నంత ఎర్రగా లేదు. చవక ఎల్‌ఈడీలలో ముదురు ఎరుపు కాంతి తక్కువగా ఉంటుంది. పెదవి ఎర్రగా కనబడాలంటే దీపం ముందు ఎరుపును పంపాలి, పెదవి దాన్ని తిప్పి పంపాలి. దీపంలోనే లేనిదాన్ని లిప్‌స్టిక్ ఎక్కడినుంచి తెస్తుంది? దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సంఖ్య సీఆర్‌ఐ. డబ్బామీద సీఆర్‌ఐ 80 అని ఉన్నా ఈ చిక్కు ఉంటుంది. ఆ సంఖ్య ఎనిమిది లేత రంగులను చూసి వేసిన సగటు, ముదురు ఎరుపును విడిగా ఆర్9 అని కొలుస్తారు. చాలా డబ్బాలమీద అది ఉండదు.

చీర అంచు సంగతి చూసి వాళ్ల అమ్మగారు ఆశ్చర్యపోయారు. ఇంట్లో కిటికీ దగ్గర మెరూన్ పెదవి, పట్టుచీర అంచు ఒకే రంగు. అందుకే ఆ లిప్‌స్టిక్ ఎంచుకున్నాం. మండపంలో చీర ముక్కను పెదవి పక్కన పెడితే అంచు ఎరుపుగానే ఉంది, పెదవి నల్లగా ఉంది. రెండింటి అద్దకాలు వేరు. పగటివెలుగులో ఒకటిగా కనబడ్డంత మాత్రాన ఇంకో దీపం కింద ఒకటిగా ఉండాలని లేదు. మ్యాచింగ్ కోసం చీర అంచును బట్టలషాపు దీపాల కింద చూపించి లిప్‌స్టిక్ కొనేవాళ్లకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

పెట్టెలో ఉన్న ఎరుపులన్నీ తీసి, అమ్మాయి ముంజేతిమీద వరుసగా గీశాను. ఆ గీతలను వేదిక దీపాల కింద చూశాను, తర్వాత బయట వరండాలో చూశాను. అప్పటికి ఆరు కావస్తోంది, వెలుతురు ఇంకా మిగిలే ఉంది. రెండుచోట్లా ఎరుపు అనిపించుకున్నది ఒకటే. కొంచెం నారింజవైపు మొగ్గిన ప్రకాశవంతమైన ఎరుపు, తడి కుంకుమ రంగు. ఇంట్లో చూపించి ఉంటే మరీ కొట్టొచ్చినట్టుందని వద్దనేవారు. వేదికమీద చూశారు కాబట్టి వద్దనలేదు.

వెళ్లేముందు దీపాలన్నీ ఆర్పించి ఫోను ఫ్లాష్‌తో ఒక ఫోటో. ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ ఇంతకంటే చాలా బలమైనదే అయినా, తెల్లటి మరక వస్తుందో రాదో తెలుసుకోవడానికి ఇది చాలు. వచ్చింది. ఎడమకన్ను కింద అర్ధచంద్రాకారంలో తెల్లగా, పిండి అంటినట్టు. రెండో లుక్‌లో కన్సీలర్‌మీద సిలికా ఎక్కువున్న సెట్టింగ్ పౌడర్ వాడాను. కంటికి కనబడదు, వీడియోలో కనబడదు, నేరుగా ఫ్లాష్ పడితే మాత్రం తిరిగి కొడుతుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్‌తోనూ ఇదే బెడద. పెళ్లిరోజు సాయంత్రం ఫోటోలకు ఎండలో అరగంట నిలబడతారు కదా, సన్‌స్క్రీన్ రాస్తానని అమ్మాయి అంది. వద్దన్నాను, ఆ అరగంట గొడుగు పడితే సరి. ఆ పౌడరు బదులు లేత పసుపు ఛాయ ఉన్న పౌడరు, కొంచెం మాత్రమే, కంటికింద అద్ది వదిలేయాలని రాసుకున్నాను.

శుక్రవారం

మండపంలో తీసిన ఫోటోలు వాళ్లు వాట్సాప్ గ్రూపులో పెడతామంటే ఆపాను. మామూలుగా పంపితే ఫోటో చిన్నదై వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అయినా చూసే ఫోన్లు వేర్వేరు. మేనత్తగారి ఫోనులో కళ్లకు శ్రమ తగ్గించే పసుపు తెర పగలంతా వేసే ఉంటుందని ఈరోజే తెలిసింది. ఆవిడకు ఇన్నాళ్లూ అన్ని మేకప్‌లూ పసుపుగానే కనబడి ఉంటాయి, ఇంకొంచెం తెల్లగా వేయమని అడగడంలో వింత లేదు. వాళ్ల ఇంటికే వెళ్లి, ఒకే ఫోను అందరి చేతులూ తిప్పించాను.

చూపించిన తీరు కూడా మార్చాను. మొదటిసారి మొదటి లుక్ పగటి ఫోటో, రెండో లుక్ రాత్రి ఫోటో పక్కపక్కన ఉన్నాయి. ఈసారి పగటివెలుగులో కుడిసగం, ఎడమసగం ఒక జత. వేదిక దీపాల కింద కుడిసగం, ఎడమసగం ఇంకో జత. ఒక్కో జతకు ఒక్కో ప్రశ్న మాత్రమే అడిగాను. పగటి జత చూపించి "చర్మం ఏది మీ అమ్మాయిది?" అన్నాను. రాత్రి జత చూపించి "కన్ను ఏది బాగుంది?" అన్నాను. "ఏ లుక్ నచ్చింది" అని అడిగి ఉంటే మళ్లీ చర్చ మొదటికి వచ్చేది. చర్మానికి అందరూ కుడిసగమన్నారు, కంటికి ఎడమసగమన్నారు. వాళ్ల నాన్నగారు ఒక్కరే రెండూ ఒకేలా ఉన్నాయన్నారు. ఆయనను ఎవరూ లెక్కపెట్టలేదు.

తేలింది ఇది: చర్మం మొదటి లుక్‌ది, అసలు షేడు, మెరుపు లేకుండా. కళ్లు రెండో లుక్‌వి, బంగారు మెరుపు రెప్ప మధ్యలో, మడతలో గోధుమరంగు సగానికి తగ్గించి. చెంపల ఎముకలమీద మాత్రమే హైలైటర్. కుంకుమరంగు పెదవి. ఏడిపించే పొగ ఉంటుంది కనుక నీటికి చెదరని కాటుక, మస్కారా.

ఒక విషయం మిగిలింది. తలంబ్రాలకు ముందు మధుపర్కాలు మారుస్తారు. ఇప్పటిదాకా చూసినదంతా ఎర్రటి పట్టుచీరతో. గులాబీ, ఎరుపు పట్టు మెడకిందినుంచి దవడమీదికి వెచ్చని రంగు పంపుతుంది, తెల్లచీర తెల్లటి వెలుతురు పంపుతుంది. పంచెను పైటలా వేయించి, హాల్లో దీపాల కింద చూశాను. ముఖం తేటగా ఉంది, కళ్లకింద నీడ కూడా తగ్గింది. చెంపమీది రంగు మాత్రం కొంచెం వెలిసినట్టు అనిపించింది. మధుపర్కాలు మార్చుకునే పది నిమిషాల్లో చెంపలకు ఒక పొర రంగు అద్దాలి, అంతే. మరేమీ ముట్టుకోకూడదు.

శనివారం

వీడియో తీసే అతనితో మాట్లాడాను. ఈ పని చాలామంది మేకప్‌వాళ్లు చేయరు, నేనూ పెళ్లి పెద్దదైతేనే చేస్తాను. అతని దగ్గర చేతిలో పట్టుకునే ఎల్‌ఈడీ ప్యానెల్ ఉంది, ముహూర్తం వేళ అది పెళ్లికూతురి ముఖానికి నాలుగైదడుగుల దూరంలో ఉంటుంది. దాని తెల్లవెలుగు 5600K, వేదికది 3000K. కెమెరా వేదికకు సర్దుకుంటే ముఖం నీలమెక్కుతుంది, ముఖానికి సర్దుకుంటే వెనకున్నవాళ్లంతా నారింజపండ్లు. అదృష్టవశాత్తూ అతని ప్యానెల్‌లో రంగు మార్చే గుండ్రటి మీట ఉంది. దాన్ని 3200 దగ్గర పెట్టమన్నాను. "అలా పెడితే వెలుగు తగ్గుతుందండీ" అన్నాడు. తగ్గితే ఒక అడుగు ముందుకు రమ్మన్నాను. దాని ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టమని కూడా అడిగాను, దానికి మాత్రం ఒప్పుకోలేదు.

పెళ్లి మరునాడు

నిద్ర తీరాక రాస్తున్నాను.

ఆవరణలో సాయంత్రపు ఫోటోలు ఫోటోగ్రాఫర్ కెమెరా తెరమీద చూశాను. మెడ, ముఖం, చేయి ఒకటే రంగు. కళ్లు పగటికి కాస్త ఎక్కువే, అమ్మాయి ఎండవైపు తిరిగినప్పుడు రెప్పమీది రేణువులు విడివిడిగా కనబడ్డాయి. ఇది ముందే తెలిసి ఒప్పుకున్న నష్టం. బయట గడిపింది గంటకు తక్కువ, లోపల అయిదారు గంటలు.

జీలకర్ర బెల్లం ఫోటో వచ్చింది. వరుడి తలమీద చేయి, పక్కన వంచిన ముఖం, రెప్పలు దించి ఉన్నాయి, బాసికం కింద రెప్పలమీది బంగారం స్పష్టంగా ఉంది. పెదవి ఎరుపే.

తలంబ్రాల దగ్గర దీపాలు నడిపే కుర్రాడు ఎవరూ అడగకుండానే స్తంభాలమీది రంగుదీపాలు గులాబీకి, తర్వాత ఊదాకు మార్చాడు. ఊదా వెలుగులో ఎర్రపెదవి, కుంకుమ, పసుపు బియ్యం అన్నీ ఒకే ముదురు రంగయ్యాయి. దానికి ఏ లిప్‌స్టిక్కూ మందు కాదు. వాళ్ల నాన్నగారిని పంపి ఆపించాల్సి వచ్చింది. ఆలోగా తీసిన కొన్ని ఫోటోలను నలుపు తెలుపుకు మార్చి ఇస్తానని ఫోటోగ్రాఫర్ అన్నాడు.

చెల్లెలి నిశ్చితార్థం వైశాఖంలోనట, పగటి ముహూర్తం, ఇంటి ముందు షామియానా వేస్తారట. షామియానా గుడ్డ ఏ రంగో ఖాయం చేశాకే ట్రయల్‌కు తేదీ ఇస్తానని చెప్పాను. తెలుపో, గోధుమో అయితే పని తేలిక. ఎరుపు, పసుపు చారలదైతే ఆ గుడ్డ ముక్క ఒకటి ముందే నాకు పంపమన్నాను.